తరగతి పేజీ తెరుచుకోలేదా? టెక్నీషియన్‌కి ఫోన్ చేసే ముందు ఇవి చూడండి

ఉదయం 8:30కి చిన్నవాడికి లెక్కల క్లాసు. 8:15కి మా చెల్లెలి నుంచి ఫోన్ వచ్చింది.

“అన్నయ్యా, కంప్యూటర్ పాడైపోయింది. వీడి క్లాసు రావట్లేదు. రిపేరు చేసే అబ్బాయేమో పదకొండు దాటితే గానీ రాలేనంటున్నాడు.”

“తెర మీద ఏం రాసి ఉంది?”

“ఏదో ఇంగ్లిషులో ఉంది. తెరుచుకోవట్లేదు, అంతే.”

ఆ ఇంగ్లిషునే ఉన్నది ఉన్నట్టు చదవమన్నాను. పెద్ద అక్షరాల్లో `Your connection is not private` అని, దాని కింద సన్నని అక్షరాల్లో `NET::ERR_CERT_DATE_INVALID` అని ఉందట. అదే లింకును తన ఫోన్‌లో, ఇంటి వైఫై మీదే తెరవమన్నాను. ఫోన్‌లో ఇట్టే వచ్చింది. అంటే నెట్ బాగుంది, లింకూ బాగుంది, బడి వాళ్ల పేజీ కూడా పనిచేస్తోంది. లోపం కంప్యూటర్‌లోనే ఉంది. తెర కింద కుడి మూలన తేదీ చూడమంటే 2019 జనవరి 1 అని చదివింది. తేదీ, సమయం సరిచేసి పేజీని మళ్లీ తెరిచేసరికి 8:27 అయింది. క్లాసు అందింది.

ఆ కంప్యూటర్‌లో నిజంగా అరిగిపోయింది లోపలుండే బిళ్ల బ్యాటరీ ఒక్కటే. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు గమనించాల్సింది, ఆ పది పన్నెండు నిమిషాల్లో మేము బాగుచేసింది కన్నా కనిపెట్టిందే ఎక్కువ.

తరగతి పేజీ మన తెర మీదికి రావాలంటే నాలుగు చోట్ల అన్నీ సవ్యంగా ఉండాలి. ఒకటి మన ఫోనో కంప్యూటరో. రెండు ఇంటి నెట్. మూడు పిల్లల ఖాతా, వాళ్లకు వచ్చిన లింకు. నాలుగు అవతల బడి వాళ్ల సర్వర్. మన వీధి చివరి టెక్నీషియన్ చెయ్యగలిగింది మొదటి చోటే, కాస్త రెండో చోట. మిగతా రెండింటికీ ఆయన్ని పిలిచి ప్రయోజనం లేదు. అందుకని తల్లిదండ్రులు చెయ్యాల్సిన పని రిపేరు కాదు. లోపం ఈ నాలుగు చోట్లలో ఎక్కడుందో తేల్చడం.

ముందు తెరను ఫొటో తీయండి

పేజీ రాకపోతే అందరం చేసే పని మళ్లీ మళ్లీ నొక్కడం. అలా నొక్కితే ఆ సందేశం పోయి ఇంకోటి రావచ్చు. కాబట్టి మొదట ఇంకో ఫోన్‌తో ఆ తెరను ఫొటో తీయండి. సందేశంలో పెద్ద అక్షరాల వాక్యం కంటే దాని కిందుండే చిన్న అక్షరాల కోడే పనికొచ్చేది. అది ఏ చోట లోపముందో దాదాపు చెప్పేస్తుంది.

`ERR_INTERNET_DISCONNECTED` అని ఉంటే మీ పరికరానికి అసలు నెట్ అందడం లేదు. `DNS_PROBE_FINISHED_NXDOMAIN` అంటే ఆ చిరునామా గల పేజీ ఎక్కడా దొరకలేదని. చాలాసార్లు అది లింకులో అక్షరం తప్పు. `ERR_CONNECTION_TIMED_OUT` అంటే అడిగి అడిగి జవాబు రాక వదిలేసిందని. నెట్ మరీ నెమ్మదించినా, అవతలి సర్వర్ పలకకపోయినా ఇదే వస్తుంది.

మూడంకెల కోడ్ కనిపిస్తే మీ నెట్ పనిచేస్తున్నట్టే, ఎందుకంటే ఆ అంకె సాధారణంగా అవతలి నుంచి వచ్చిన జవాబు. `404` అంటే ఆ చిరునామాలో పేజీ లేదు. `403` అంటే పేజీ ఉంది, చూసే అనుమతి మీకు లేదు. `500`, `502`, `503` అంటే సర్వర్ వైపే ఇబ్బంది. ఈ చివరి మూడింటిలో ఏది కనిపించినా ఇంట్లో ఏ తీగనూ కదపకండి. ఐదు నిమిషాలాగి మళ్లీ తెరవండి, ఆలోగా టీచరుకి తెలియజేయండి.

రెండు ప్రశ్నలతో సగం తేలిపోతుంది

మొదటి ప్రశ్న తరగతి వాట్సాప్ గ్రూపులో అడగండి: “మీ పిల్లలకు పేజీ తెరుచుకుందా?” ఎవరికీ తెరుచుకోలేదంటే లోపం మీ ఇంట్లో లేదు. పెద్ద సంస్థలకూ ఇది జరుగుతుంది. 2020 డిసెంబర్ 14 సాయంత్రం గూగుల్‌లో ఖాతాలను గుర్తుపట్టే వ్యవస్థ సుమారు 45 నిమిషాలు ఆగిపోయింది. జీమెయిల్, మీట్, క్లాస్‌రూమ్ అన్నీ మొరాయించాయి. ఖాతాతో పనిలేకుండా చూసేవాళ్లకు మాత్రం యూట్యూబ్ వచ్చింది. ఆ ముప్పావుగంటలో రౌటర్‌ను ఆపి వేసినా, యాప్ తీసేసి మళ్లీ పెట్టుకున్నా ఫలితం ఉండేది కాదు. గూగుల్ సేవలు ఆ పూట బాగున్నాయో లేదో `www.google.com/appsstatus` అనే పేజీలో కనిపిస్తుంది.

మిగతావాళ్లకు తెరుచుకుని మీకు మాత్రమే రాకపోతే రెండో ప్రశ్న: ఇదే లింకు ఇంకో పరికరంలో, ఇంకో నెట్ మీద వస్తుందా? ఇక్కడ ఒకేసారి రెండూ మార్చేయకండి. ముందు ఫోన్‌ను ఇంటి వైఫై మీదే ఉంచి తెరవండి. వచ్చిందంటే నెట్ బాగుంది, లోపం కంప్యూటర్‌లో ఉంది. రాలేదంటే అదే ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద తెరవండి. ఇప్పుడు వచ్చిందంటే లోపం ఇంటి నెట్‌లో ఉంది. రెంటి మీదా రాకపోతే లింకునో, ఖాతానో అనుమానించాలి. ఒక్కసారి ఒక్కటే మారిస్తేనే ఏది మార్చినందుకు వచ్చిందో తెలుస్తుంది.

లోపం ఇంటి నెట్‌లో ఉందని తేలితే, ఆ పూటకి ఫోన్ హాట్‌స్పాట్ వేసి కంప్యూటర్‌కి నెట్ ఇచ్చి క్లాసు నడిపించండి. మరమ్మతు తర్వాత చూసుకోవచ్చు.

నెట్ అయితే: లైట్లు, డేటా

ఫైబర్ నెట్ ఉన్న ఇంట్లో గోడకుండే పెట్టె మీద `LOS` అనే చిన్న లైటు ఉంటుంది. అది ఎర్రగా వెలుగుతున్నా, ఎర్రగా కొట్టుకుంటున్నా బయటి నుంచి ఫైబర్ తీగలో వెలుతురు అందడం లేదని అర్థం. ఎక్కడో తీగ తెగి ఉండొచ్చు, పెట్టె వెనక గట్టిగా వంగిపోయి ఉండొచ్చు. ఇది కంప్యూటర్ టెక్నీషియన్ పని కాదు. నెట్ ఇచ్చిన కంపెనీకే ఫిర్యాదు చెయ్యాలి. `LOS` వెలగకుండా, `PON` అనే లైటు పచ్చగా నిలకడగా ఉంటే బయటి తీగ బాగుందన్నమాట. అప్పుడు పెట్టె కరెంటు స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి మళ్లీ వేయండి. లైట్లు కుదురుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అంతవరకు ఓపిక పట్టాలి.

మొబైల్ డేటా మీద చదివే పిల్లల ఇళ్లలో ఇంకో తిప్పలుంది. రోజుకి ఒకటిన్నర జీబీ వంటి ప్లాన్లలో ఆ కోటా అయిపోయాక నెట్ పూర్తిగా ఆగదు. చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. తెర మీద సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి, వాట్సాప్‌లో మాటలు కూడా వెళ్తుంటాయి. అందుకే నెట్ ఉందనే అనుకుంటాం. కానీ ఆ వేగంతో సెకనుకి వచ్చేది 8 కిలోబైట్లు. బొమ్మలు, బటన్లు అన్నీ కలిసి 4 ఎంబీ ఉండే ఒక పేజీ రావాలంటే ఎనిమిది నిమిషాలు దాటుతుంది. అంతసేపు ఆగలేక బ్రౌజర్ వదిలేయవచ్చు. ఇక వీడియో సంగతి చెప్పక్కర్లేదు.

దీన్ని గుర్తుపట్టడం తేలిక. ఇలాంటి కోటా సాధారణంగా అర్ధరాత్రి మారుతుంది. అందుకని పొద్దున వచ్చిన పేజీ సాయంత్రం ట్యూషన్ వేళకి రాకపోతే ముందుగా చూడాల్సింది కోటానే. కంపెనీ పంపే సందేశంలో గానీ, వాళ్ల యాప్‌లో గానీ ఎంత మిగిలిందో ఉంటుంది. పొద్దున కూడా రాకపోతే ప్లాన్ గడువే ముగిసిందేమో చూడండి.

కంప్యూటర్ అయితే: ముందు తేదీ

ఇప్పుడు మా చెల్లెలి కంప్యూటర్ దగ్గరికి వద్దాం. ప్రతి సురక్షితమైన వెబ్‌సైటుకీ ఒక గుర్తింపు పత్రం ఉంటుంది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే అది చెల్లుతుంది. బ్రౌజర్ ఆ పత్రాన్ని చూసి, ఇవాళ్టి తేదీ ఆ మధ్యలో ఉందో లేదో సరిచూస్తుంది. ఇవాళ ఏ తేదీ అన్నది దానికి చెప్పేది మన కంప్యూటర్ గడియారం. ఆ గడియారం 2019లో ఉంటే, ఈ ఏడాది ఇచ్చిన పత్రం దాని లెక్కలో ఇంకా మొదలే కాలేదు. అందుకే పత్రం చెల్లదని తలుపు మూసేస్తుంది. కొన్నిసార్లు `Your clock is behind` అని సూటిగానే చెబుతుంది.

డెస్క్‌టాప్ కంప్యూటర్ కరెంటు తీసేసినా గడియారం నడిచేలా చూసేది లోపలి మదర్‌బోర్డు మీద ఉండే `CR2032` అనే బిళ్ల బ్యాటరీ. కొన్నేళ్లకు అది నీరసిస్తుంది. ఇక కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఎప్పటికో వెనక్కి పోతుంది. సెలవుల్లో గుడ్డ కప్పి ఉంచిన కంప్యూటర్‌ను బడి తెరిచాక వేస్తే ఈ లోపం బయటపడుతుంటుంది.

విండోస్‌లో గడియారం మీద మౌస్ కుడి బటన్ నొక్కి తేదీ, సమయాల పేజీకి వెళ్లండి. `Set time automatically` వేసి ఉండాలి. టైమ్ జోన్ `(UTC+05:30) Chennai, Kolkata, Mumbai, New Delhi` అయి ఉండాలి. అయినా సరికాకపోతే దాన్ని ఆపి, చేత్తో తేదీ పెట్టండి. ఏడాది కూడా చూడండి. రోజు, నెల సరిగా ఉండి ఏడాది తప్పున్న సందర్భాలుంటాయి. బ్రౌజర్ మూసి మళ్లీ తెరిస్తే చాలు.

మర్నాడు పొద్దున మా చెల్లెలి కంప్యూటర్ మళ్లీ 2019కే వెళ్లింది. అప్పుడు టెక్నీషియన్‌ని పిలిచాం, బ్యాటరీ మార్చమని ముందే చెప్పి. ఆయన ఆ బిళ్లను వెంట తెచ్చుకున్నాడు. ఒక్క రాకతో పని పూర్తయింది.

తేదీ సరిగా ఉన్నా ఇదే హెచ్చరిక వస్తుంటే మాత్రం దాన్ని తోసుకుని ముందుకు వెళ్లొద్దు. ఆ పేజీలో పిల్లల పాస్‌వర్డ్ అసలే కొట్టొద్దు. బడికి చెప్పండి.

ఖాతా తారుమారు

ఇంట్లో ఫోన్ అమ్మది, క్లాసు పిల్లాడిది. ఫోన్‌లో అమ్మ జీమెయిల్ ముందు నుంచీ ఉంది. బడి ఇచ్చిన ఖాతాను తర్వాత కలిపారు. లింకు నొక్కితే అది అమ్మ పేరు మీద తెరుచుకుంటుంది. బడి వాళ్లు బయటి ఖాతాలను రానివ్వకుండా పెట్టుకుని ఉంటారు. అప్పుడు `You need access` అనో, `You can't join this video call` అనో వస్తుంది. అక్కడ ఏదీ పాడవలేదు. తలుపు దగ్గర మనం తప్పు పేరు చెప్పామంతే.

తెర పైన కుడివైపు ఉండే గుండ్రటి బొమ్మ నొక్కితే ఏ ఖాతాలో ఉన్నారో తెలుస్తుంది. అక్కడే పిల్లాడి ఖాతాకి మారవచ్చు. కంప్యూటర్‌లో అయితే చిరునామాలోనే ఆనవాలు కనిపిస్తుంది:

```
https://classroom.google.com/u/0/
https://classroom.google.com/u/1/
```

ఇందులో 0 అంటే ఆ బ్రౌజర్‌లో మొదట తెరిచిన ఖాతా, 1 అంటే రెండోది. టీచరు తన కంప్యూటర్ నుంచి తీసి పంపిన లింకులో 0 ఉంటే, అది మన ఇంట్లో మొదటి ఖాతాతో, అంటే అమ్మ ఖాతాతో తెరుచుకుంటుంది. ఆ 0ని 1 చేసి ఎంటర్ నొక్కి చూడండి. చాలా ఇళ్లలో పేజీ అక్కడికక్కడే వస్తుంది.

దీనికన్నా నమ్మకమైన దారి అజ్ఞాత విండో. క్రోమ్‌లో `Ctrl+Shift+N` నొక్కితే వస్తుంది. ఫోన్‌లో మూడు చుక్కల మీద నొక్కి `New Incognito tab` ఎంచుకోవాలి. అందులో ముందుగా ఏ ఖాతా ఉండదు. బడి ఖాతా ఒక్కటే వేసి లింకు తెరవండి. ఖాతాల గొడవ, పాత పేజీల మిగులు, అదనంగా పెట్టుకున్న ఎక్స్‌టెన్షన్ల అడ్డం, ఈ మూడూ అక్కడ సాధారణంగా ఉండవు. మామూలు విండోలో రానిది అజ్ఞాత విండోలో వస్తే లోపం ఈ మూడింటిలో ఒకటి. క్లాసు అక్కడే పూర్తిచేసి, తర్వాత ఆ ఒక్క సైటుకి దాచుకున్న సమాచారాన్ని మాత్రం తీసేయండి. శాశ్వతంగా పోవాలంటే క్రోమ్‌లో పిల్లాడికి వేరే ప్రొఫైల్ పెట్టండి. అందులో బడి ఖాతా ఒక్కటే ఉండాలి. ఇదంతా జరగాలంటే పాస్‌వర్డ్ తెలియాలి. పిల్లాడి పుస్తకాల దగ్గర కాక, మీ దగ్గరుండే డైరీలో రాసిపెట్టుకోండి.

లింకు సగం తెగితే

గ్రూపుల్లో చేతులు మారి వచ్చే లింకు ఒక్కోసారి మధ్యలో విరుగుతుంది. సందేశంలో నీలం రంగు ఎక్కడి వరకు ఉందో చూడండి. లింకు చివరి ముక్క నీలంగా లేకపోతే అది లింకులో కలవలేదు. చివర ఫుల్‌స్టాప్ అంటుకున్నా కొన్నిసార్లు తెరుచుకోదు.

గూగుల్ మీట్ కోడ్ మూడు, నాలుగు, మూడు చొప్పున పది అక్షరాలుగా ఉంటుంది, `abc-defg-hij` మాదిరిగా. అందులో అంకెలు ఉండవు. కాబట్టి ఒకటిలా కనిపించేది అంకె కాదు, అక్షరమే. `meet.google.com` తెరిచి ఆ కోడ్‌ను చేత్తో కొట్టి చూడండి. జూమ్ అయితే మీటింగ్ నంబరు 9 నుంచి 11 అంకెలు. నిన్నటి లింకునే ఇవాళ నొక్కుతున్నారేమో కూడా చూసుకోండి. కొందరు టీచర్లు ప్రతి క్లాసుకీ కొత్తది పంపుతారు.

ఇవి చేయకండి

రౌటర్ వెనక సన్నని రంధ్రంలో ఉండే రీసెట్ బటన్‌ను పిన్నుతో నొక్కకండి. అది ఆపి వేయడం కాదు, కంపెనీ పెట్టిన సెట్టింగులన్నీ చెరిపేయడం. అప్పటిదాకా ఒక్క పేజీ రాకపోతే, అప్పట్నుంచి ఏ పేజీ రాదు. బ్రౌజర్‌లో ఉన్న సమాచారమంతా ఒకేసారి తుడిచేయకండి. అందరి లాగిన్లూ పోతాయి, క్లాసు వేళకి పాస్‌వర్డులు వెతుక్కోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది: కంగారులో “కస్టమర్ కేర్ నంబర్” అని నెట్‌లో వెతికి, మొదట కనిపించిన నంబరుకి ఫోన్ చేయకండి. మోసగాళ్లు అలాంటి నంబర్లను అక్కడ పెడుతుంటారు. మీ తెరను దూరం నుంచి చూపించే యాప్ ఒకటి వేసుకోమంటారు, ఓటీపీ చెప్పమంటారు. మీ ఫోన్‌లోనే బ్యాంకు యాప్ కూడా ఉంటుంది. కంపెనీ నంబరు మీ బిల్లు మీద గానీ, వాళ్ల సొంత యాప్‌లో గానీ చూడండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.

ఫ్రిజ్ మీద అంటించుకోవడానికి

1. తెర మీది సందేశాన్ని ఫొటో తీయండి.
2. గ్రూపులో అడగండి: మిగతావాళ్లకు వస్తోందా?
3. అదే లింకు ఫోన్‌లో, ఇంటి వైఫై మీద తెరవండి. రాకపోతే మొబైల్ డేటా మీద తెరవండి.
4. నెట్ అయితే `LOS` లైటు, డేటా కోటా, ప్లాన్ గడువు చూడండి. పెట్టెను అర నిమిషం ఆపి వేయండి.
5. కంప్యూటర్ అయితే తేదీ, ఏడాది, సమయం చూడండి.
6. ఏ ఖాతాతో తెరుచుకుందో చూడండి. అజ్ఞాత విండోలో బడి ఖాతా ఒక్కటే వేసి ప్రయత్నించండి.
7. లింకు పూర్తిగా ఉందా, ఇవాళ్టిదేనా?

ఇవన్నీ చూసినా రాకపోతే అప్పుడు పిలవాల్సిందే. `LOS` ఎర్రగా ఉంటే నెట్ కంపెనీని, `403` గానీ ఖాతా అనుమతి గానీ అయితే బడిని, తేదీ రోజూ వెనక్కి పోతున్నా, ఒక్క కంప్యూటర్‌లోనే ఏ బ్రౌజర్‌లోనూ రాకపోతున్నా టెక్నీషియన్‌ని. పిలిచినప్పుడు “క్లాసు రావట్లేదు” అనకండి. తీసిన ఫొటో పంపి, “ఫోన్‌లో వస్తోంది, కంప్యూటర్‌లో రావట్లేదు, తేదీ సరిగానే ఉంది” అని చెప్పండి. ఆ మూడు ముక్కలు విన్న టెక్నీషియన్ ఏ సామాను తెచ్చుకోవాలో తెలుసుకుని బయల్దేరతాడు. ఈలోగా టీచరుకి ఒక్క సందేశం పెట్టండి, హాజరు పోకుండా.